‘ఇఫ్ ఐ వాజ్’ కాదు, ‘ఇఫ్ ఐ వర్’: ఎప్పుడు, ఎందుకు

కొన్నేళ్ళ కిందట ఒక మీటింగులో కాస్త గట్టిగా మాట్లాడాను. మర్నాడు అదే మనసులో తొలుస్తుంటే, చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్‌లో పెరిగిన ఒక సహోద్యోగికి మెయిల్ రాశాను: ‘ఇఫ్ ఐ వర్ రూడ్ యెస్టర్‌డే, ఐయామ్ సారీ.’ ‘ఇఫ్ ఐ’ తర్వాత ‘వర్’ రావాలని బడిలో నేర్చుకున్న పాఠం నాకు బాగా గుర్తు. తప్పు రాయలేదన్న ధీమాతో పంపేశాను. ఆయన నవ్వుతూ వచ్చి, “ఇది క్షమాపణలా లేదు. ‘నేనేమీ దురుసుగా మాట్లాడలేదు, ఒకవేళ మాట్లాడి ఉంటేనా...’ అన్నట్టుంది” అన్నారు. అక్కడ రావలసింది ‘వాజ్’ అట.

‘ఇఫ్ ఐ’ కనబడగానే ‘వర్’ అతికించడం కూడా తప్పేనని ఆ రోజు తెలిసింది. ‘ఇఫ్’ని చూసి ‘వర్’ పెట్టకూడదు. మనం ఊహిస్తున్న విషయం నిజమయ్యే వీలుందా, లేక నిజం కాదని తెలిసే అంటున్నామా అన్నదాన్ని బట్టి పెట్టాలి. ఈ తేడా తెలుగువాళ్ళకు కొత్తదేమీ కాదు. మన క్రియల్లోనూ ఉంది, కాకపోతే అది వాక్యంలో మరోచోట దాక్కుని ఉంటుంది. దాన్ని పట్టుకుంటే మిగతా పని తేలికవుతుంది.

మొదటి మెట్టు: వాక్యాన్ని తెలుగులో అనుకుని చివరి క్రియను చూడండి

ఈ రెండు వాక్యాలు చూడండి.

డబ్బుంటే కొంటాను.
డబ్బుంటే కొనేవాణ్ణి.

రెండింట్లోనూ మొదటి సగం ఒకటే, ‘డబ్బుంటే’. అయినా అర్థం ఒకటి కాదు. మొదటివాడి జేబులో డబ్బుందో లేదో ఇంకా తెలియదు, చూసుకుని కొంటాడు. రెండోవాడి దగ్గర డబ్బు లేదు. ఆ లేదన్న మాటను అతను పైకి అనలేదు, ‘కొనేవాణ్ణి’ అన్న రూపమే చెప్పేసింది. ఆ రూపం మామూలుగా దేనికి వాడతాం? ‘చిన్నప్పుడు రోజూ ఈతకు వెళ్ళేవాణ్ణి’ లాంటి గడిచిపోయిన అలవాటుకి. అంటే ఇప్పటి సంగతే అయినా, అది నిజం కాదని చెప్పడానికి మనం క్రియను గతంలోకి నెడుతున్నాం.

ఇంగ్లిష్ చేసేదీ అదే. కొంటానన్నవాడు ‘ఇఫ్ ఐ హావ్ మనీ, ఐ విల్ బై ఇట్’ అంటాడు. కొనేవాణ్ణన్నవాడు ‘ఇఫ్ ఐ హాడ్ మనీ, ఐ వుడ్ బై ఇట్’ అంటాడు. ‘హావ్’ ‘హాడ్’ అయింది, ‘విల్’ ‘వుడ్’ అయింది. మనం చివరి క్రియ ఒక్కదాన్నే వెనక్కి జరుపుతాం, ఇంగ్లిష్ రెండు చోట్లా జరుపుతుంది. తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లో రాసేవాళ్ళం తడబడేది సరిగ్గా ఇక్కడే. ‘ఉంటే’ మారలేదు కదా అని ‘ఇఫ్ ఐ హావ్ మనీ, ఐ వుడ్ బై’ అని రాసేస్తాం. ‘వాజ్’, ‘వర్’ గొడవకన్నా ఈ తప్పే నాకు ఎక్కువగా కనబడుతుంది. ‘ఇఫ్ ఐ యామ్ ది మేనేజర్, ఐ వుడ్...’ అనేది కూడా ఈ కోవలోదే.

కాబట్టి చేయవలసింది ఇంతే. వాక్యాన్ని తెలుగులో అనుకుని, చివర ‘-తాను’ వస్తోందా, ‘-ఏవాణ్ణి’, ‘-ఏదాన్ని’, ‘-ఏది’ లాంటిది వస్తోందా చూడండి. ‘-ఏవాణ్ణి’ అతికితే అది నిజం కాని ఊహ. మాటల్లో మనం ఒక్కోసారి ‘నేను నీ స్థానంలో ఉంటే ఒప్పుకోను’ అని కూడా అనేస్తాం కనుక, అనుమానం ఉంటే ఇంకో చిన్న పరీక్ష పెట్టుకోండి. వాక్యం చివర ‘కానీ కాదు కదా’ లేదా ‘కానీ లేదు కదా’ తగిలించి చూడండి. ‘నేను నీ స్థానంలో ఉంటే ఒప్పుకోను, కానీ లేను కదా’. చక్కగా అతికింది. అంటే ఇదీ ఊహే. నా మెయిల్‌ వాక్యానికి ఈ తోకను పెట్టి చూడండి: ‘నిన్న దురుసుగా మాట్లాడి ఉంటే సారీ, కానీ మాట్లాడలేదు కదా’. నా సహోద్యోగికి వినబడింది ఇదే.

ఇలా నిజం కాని ఊహకు, కోరికకు క్రియ తీసుకునే రూపాన్నే సంప్రదాయ ఇంగ్లిష్ వ్యాకరణం సబ్జంక్టివ్ మూడ్ అంటుంది. ఉన్నదున్నట్టు చెప్పే మామూలు రూపం ఇండికేటివ్. పేర్లు గుర్తుండకపోయినా పనికి అడ్డం రాదు.

రెండో మెట్టు: ఊహ ఇప్పటిదా, అయిపోయినదా?

తెలుగు పరీక్షలో ఒక కన్నం ఉంది. మనం ‘ఇప్పుడు ఊళ్ళో ఉంటే వచ్చేవాణ్ణి’ అంటాం, ‘నిన్న ఊళ్ళో ఉంటే వచ్చేవాణ్ణి’ అని కూడా అంటాం. క్రియల్లో మార్పు లేదు. ఇంగ్లిష్‌లో ఈ రెండూ వేరు.

ఇప్పటి సంగతైతే ఒక మెట్టు వెనక్కి: ‘ఇఫ్ ఐ వర్ ఇన్ టౌన్ నౌ, ఐ వుడ్ కమ్.’
నిన్నటి సంగతైతే రెండు మెట్లు వెనక్కి: ‘ఇఫ్ ఐ హాడ్ బీన్ ఇన్ టౌన్ యెస్టర్‌డే, ఐ వుడ్ హావ్ కమ్.’

నిన్నటికి గతరూపం మామూలుగానే కావాలి. అది జరగలేదని చెప్పడానికి ఇంకొక్క అడుగు వెనక్కి వేయాలి. అందుకే ‘హాడ్ బీన్’ వచ్చింది. ఇలా ‘హాడ్’ వచ్చిందంటే ‘వాజ్’, ‘వర్’ ప్రశ్నే లేదు. ఆ ప్రశ్న పుట్టేది ఇప్పటి గురించో, ఎప్పటికీ వర్తించేదాని గురించో ఊహిస్తున్నప్పుడు మాత్రమే.

మూడో మెట్టు: క్రియ ‘బీ’ అయితేనే, అదీ నాలుగు మాటలతోనే

‘హాడ్’, ‘న్యూ’, ‘వెంట్’ లాంటి క్రియల్లో మామూలు గతరూపం, ఊహకు వాడే రూపం ఒకేలా కనిపిస్తాయి. ‘ఇఫ్ ఐ న్యూ హర్ నంబర్, ఐ వుడ్ కాల్ హర్’ అన్నప్పుడు కూడా అది ఊహే, రూపంలో తేడా బయటికి కనబడదు అంతే. తేడా బయటపడేది ‘బీ’ అనే ఒక్క క్రియలో. అందులోనూ ‘యు’, ‘వి’, ‘దే’లతో ఎలాగూ ‘వర్’ వస్తుంది కాబట్టి ఆలోచించే పని లేదు. మిగిలినవి ‘ఐ’, ‘హి’, ‘షి’, ‘ఇట్’. వాటి స్థానంలో వచ్చే ఏకవచన నామాలు కూడా ఇదే లెక్కలోకి వస్తాయి. అంత పెద్ద భాషలో ఈ సమస్య నిలబడింది ఈ చిన్న మూలలోనే.

ఇప్పుడు అందరికీ వచ్చే ప్రశ్న. ‘వర్’ బహువచనం కదా, ‘ఐ’ ఒక్కడు కదా, ఎలా కుదురుతుంది?

నిజానికి ఇక్కడి ‘వర్’ బహువచనం కానే కాదు. వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లిష్‌లో ప్రతి క్రియకూ ఊహ కోసం వేరే రూపాల వరుస ఉండేది. ‘ఉన్నాను’ అని జరిగినది చెప్పడానికి ‘వాస్’కు దగ్గరగా పలికే రూపం, ‘ఉన్నాం’ అనడానికి ‘వారోన్’ లాంటి రూపం వాడేవారు. నిజం కాని ఊహకు మాత్రం, నేనైనా అతనైనా, ఏకవచనంలోనే ‘వారె’ అనేవారు. ఈ ఊహారూపాన్ని, గతకాలపు బహువచనాన్ని ఒకే ధాతురూపం మీద కట్టేవారు కాబట్టి రెండింట్లోనూ ‘ర’ ఉంది. కాలక్రమంలో ఇంగ్లిష్ పదాల చివరి అచ్చులు, ప్రత్యయాలు అరిగి రాలిపోయాయి. ‘వారోన్’ అరిగి ‘వర్’ అయింది, ‘వారె’ అరిగినా ‘వర్’ అయింది. ఒకే ముఖంతో ఇద్దరు వేర్వేరు మనుషులు మిగిలారు. ‘ఇఫ్ ఐ వర్’లో ఉన్నది ఆ రెండో మనిషి, బహువచనంతో సంబంధం లేనివాడు.

మిగతా క్రియల్లో ఈ అరుగుదలతో తేడా పూర్తిగా చెరిగిపోయింది. ‘బీ’లో మాత్రం తేడా ప్రత్యయంలో కాక పదం నడుమ, ‘స’కీ ‘ర’కీ మధ్య ఉంది కనుక బతికింది. ఈ కారణం వల్లే నేటి వ్యాకరణవేత్తలు కొందరు దీన్ని సబ్జంక్టివ్ అనడానికి కూడా ఒప్పుకోరు. 2002లో వెలువడిన కేంబ్రిడ్జి ఇంగ్లిష్ వ్యాకరణం దీనికి ‘ఇర్రియాలిస్’ అని వేరే పేరు పెట్టింది, అంటే వాస్తవం కానిది అని. ఒక్క క్రియలో, ‘ఐ’తోనూ ‘హి’, ‘షి’, ‘ఇట్’లతోనూ మాత్రమే మిగిలినదాన్ని ఒక వ్యవస్థ అనడం ఎందుకన్నది వాళ్ళ వాదన. నాకది సబబుగానే అనిపిస్తుంది. పరీక్ష రాసేవాళ్ళు మాత్రం పాత పేరే రాయడం మంచిది.

నాలుగో మెట్టు: రెండో సగాన్ని సరిచూడండి

‘ఇఫ్’ వైపు ‘వర్’ పెట్టాక, అవతలి సగంలో ‘వుడ్’, ‘కుడ్’, ‘మైట్’లలో ఒకటి ఉండాలి. ‘ఇఫ్ ఐ వర్ యు, ఐ విల్ టేక్ ఇట్’ అంటే కుంటివాక్యమే. ఇక ‘వుడ్’ని ‘ఇఫ్’ వైపు తీసుకుపోయి ‘ఇఫ్ ఐ వుడ్ బీ యు’ అనడం కూడా తరచు వినిపిస్తుంది. రాతలో ఆ పని చేయకండి. ‘వుడ్’ ఫలితం చెప్పే వైపు ఉండాలి, షరతు చెప్పే వైపు కాదు.

‘వాజ్’ ఉండాల్సిన చోట్లు

పాఠం బాగా వంటబట్టినవాళ్ళు చేసే తప్పులు ఇక్కడుంటాయి కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ఒకటి, నా మెయిల్ రకం. జరిగిపోయిన సంగతి, నిజంగా జరిగిందో లేదో చెప్పేవాడికి రూఢిగా తెలియదు, జరిగి ఉండొచ్చు. ‘ఇఫ్ ఐ వాజ్ రూడ్ యెస్టర్‌డే, ఐయామ్ సారీ.’ ఇది ఊహ కాదు, తెరిచి ఉంచిన అవకాశం. గుర్తుపట్టడానికి అవతలి సగం చూడండి. అక్కడ ‘వుడ్’ లేదు, ‘ఐయామ్ సారీ’ అని నేరుగా ఉంది. 

రెండోది అడిగిన ప్రశ్నను తిరిగి చెప్పడం. ‘నేను సిద్ధంగా ఉన్నానా అని అడిగాడు’ అంటే ‘హి ఆస్క్డ్ ఇఫ్ ఐ వాజ్ రెడీ’. ఇక్కడ ‘ఇఫ్’ అంటే ‘అయితే’ కాదు, ‘-నా అని’. ‘ఇఫ్’ తీసేసి ‘వెదర్’ పెట్టండి. వాక్యం చెడకుండా నిలబడితే ‘వాజ్’ రాయండి. ఇలాంటి చోట ‘వర్’ రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళు తెలియక రాయడం లేదు, మరీ తెలిసి రాస్తున్నారు.

మూడోది మాయదారిది, ఎందుకంటే ఇందులో ‘వుడ్’ కూడా ఉంటుంది. ‘ఆలస్యమైతే మాస్టారు నన్ను బయట నిలబెట్టేవారు.’ ఇంగ్లిష్‌లో ‘ఇఫ్ ఐ వాజ్ లేట్, ది టీచర్ వుడ్ మేక్ మి స్టాండ్ అవుట్‌సైడ్’. తెలుగులో ‘-ఏవారు’ వచ్చింది, ఇంగ్లిష్‌లో ‘వుడ్’ వచ్చింది, మొదటి మెట్టు ప్రకారం ఊహ అనిపిస్తుంది. కానీ ఇది నిజంగా జరిగినదే, మళ్ళీ మళ్ళీ జరిగినది. చూశారా, తెలుగు ‘-ఏవాడు’కి ఉన్న రెండు పనులే ఇంగ్లిష్ ‘వుడ్’కీ ఉన్నాయి, ఒకటి పాత అలవాటు, ఒకటి తీరని ఊహ. వేరు చేయడానికి ‘అయితే’ స్థానంలో ‘అయినప్పుడల్లా’ పెట్టి చూడండి. ‘ఆలస్యమైనప్పుడల్లా నిలబెట్టేవారు’ అన్నా అర్థం మారకపోతే అది అలవాటు, ‘వాజ్’ రాయాలి. ‘నేను నువ్వైనప్పుడల్లా’ అనగలమా? అనలేం. అది ఊహ.

‘ఇఫ్’ లేకుండా వచ్చే ‘వర్’

‘విష్’ తర్వాత కూడా ఇదే రూపం. ‘ఇంకాస్త పొడుగ్గా ఉంటే బాగుండేది’ అన్నప్పుడు ‘ఐ విష్ ఐ వర్ టాలర్’. ఇక్కడా ‘బాగుండేది’లో మన పాత గుర్తు కనబడుతూనే ఉంది. ‘బాగుంటుంది’ అంటే ఇంకా ఆశ ఉంది, ‘బాగుండేది’ అంటే లేదు. ‘విష్’ ఆ రెండోదానికే.

‘యాజ్ ఇఫ్’తో జాగ్రత్త అవసరం. ‘తనే ఓనరైనట్టు మాట్లాడతాడు’ అన్నామంటే ఓనరు కాదని మనకు తెలుసు: ‘హి టాక్స్ యాజ్ ఇఫ్ హి వర్ ది ఓనర్’. ‘జ్వరమొచ్చినట్టుంది’ అంటే నిజంగా వచ్చి ఉండొచ్చు, అప్పుడు ‘హి లుక్స్ యాజ్ ఇఫ్ హి ఈజ్ సిక్’ అంటే సరిపోతుంది. రెండు చోట్లా తెలుగులో ‘-నట్టు’ ఉంది కనుక అది దారి చూపదు. ‘కానీ కాదు కదా’ తోకే ఇక్కడ పనికొస్తుంది.

ఇంకొకటి, పద్ధతిగా రాసే ఇంగ్లిష్‌లో ‘ఇఫ్’ తీసేసి క్రియను ముందుకు తెస్తారు: ‘వర్ ఐ ఇన్ యువర్ ప్లేస్, ఐ వుడ్ టేక్ ఇట్.’ ఇక్కడ ‘వాజ్ ఐ ఇన్ యువర్ ప్లేస్’ అని ఎవరూ అనరు. మాటల్లో ‘ఇఫ్ ఐ వాజ్’ అనేవాళ్ళు కూడా ఈ వరుసలో ‘వర్’ దాటి వెళ్ళరు.

మరి ‘ఇఫ్ ఐ వాజ్ యు’ అనేవాళ్ళు తప్పా?

ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళు మాటల్లో ఊహకు కూడా ‘వాజ్’ వాడతారు. ఇది నిన్న మొన్నటి పాడు అలవాటేం కాదు, కనీసం మూడు వందల ఏళ్ళుగా సాగుతోంది. మిగతా క్రియలన్నిటిలోనూ ఊహకు, గతానికి ఒకే రూపం సరిపోతుంటే ‘బీ’కి మాత్రం రెండెందుకని భాష తనంతట తాను సర్దుకుంటోంది. కాబట్టి ‘ఇఫ్ ఐ వాజ్ రిచ్, ఐ వుడ్ ట్రావెల్’ అని ఎవరైనా అంటే సరిదిద్దబోకండి. అర్థమూ చెడదు, ‘వుడ్’ ఆ పని చేసేస్తుంది.

పరీక్షలో, ఆఫీసు మెయిల్లో, అచ్చుకి ఇచ్చే వ్యాసంలో మాత్రం ‘వర్’ రాయండి. ‘ఇఫ్ ఐ వర్ యు’ అన్న మాటైతే సామెతలా స్థిరపడిపోయింది. అందులో ‘వాజ్’ పెడితే మాటల్లో కూడా చాలామంది చెవికి తగులుతుంది. నేనైతే ఊహ అని తేలిన ప్రతిచోటా ‘వర్’ అనేస్తాను, మాటల్లోనైనా సరే. అలా అన్నందుకు ఎవరూ తప్పు పట్టరు.

ఇంకో సబ్జంక్టివ్ ఉంది, దాని సంగతి క్లుప్తంగా

‘సజెస్ట్’, ‘ఇన్సిస్ట్’, ‘డిమాండ్’ లాంటి మాటల తర్వాత ‘దట్’ వచ్చి, ఒకరు ఏదో చేయాలని చెబుతుంటే క్రియ ముడిరూపంలో ఉంటుంది. ‘ఐ సజెస్ట్ దట్ హి గో’, ‘గోస్’ కాదు. తెలుగులో ‘-ఆలని’ వస్తే ఇదే. ‘అతను నిజాయితీగా ఉండాలని పట్టుబట్టింది’ అంటే ‘షి ఇన్సిస్టెడ్ దట్ హి బీ ఆనెస్ట్’. ‘నిజాయితీగా ఉన్నాడని గట్టిగా వాదించింది’ అంటే ‘షి ఇన్సిస్టెడ్ దట్ హి వాజ్ ఆనెస్ట్’. ఒక్క మాట తేడాలో ఆజ్ఞ కాస్తా సాక్ష్యమైపోతుంది. అమెరికాలో ఈ ముడిరూపం బాగా వాడుకలో ఉంది. బ్రిటన్‌లో చాలామంది ‘షుడ్’ చేర్చి ‘దట్ హి షుడ్ గో’ అంటారు.

ఒక ఉత్తరం, వాక్యం వెంట వాక్యం

కొత్త ఉద్యోగం విషయంలో తటపటాయిస్తున్న స్నేహితుడికి రాయాలనుకోండి. తెలుగులో ఇలా అనుకున్నాం:

“నిన్న ఫోన్లో విసుక్కుని ఉంటే సారీ. నేను నీ స్థానంలో ఉంటే ఆ ఆఫర్ తీసుకునేవాణ్ణి. జీతం ఇంకాస్త ఎక్కువ ఉంటే బాగుండేది, నిజమే. అందరూ ఈ నెలలోనే చేరాలని వాళ్ళు పట్టుబడితే నాకు ఫోన్ చెయ్యి. ఖాళీగా ఉంటే వెంటనే తీస్తాను.”

మొదటి వాక్యం నిన్నటిది, విసుక్కున్నానో లేదో నాకు తెలియదు, విసుక్కుని ఉండొచ్చు. ‘కానీ లేదు కదా’ తోక పెడితే క్షమాపణ కాస్తా కొట్టుకుపోతుంది. కాబట్టి ‘ఇఫ్ ఐ వాజ్ షార్ట్ విత్ యు యెస్టర్‌డే, ఐయామ్ సారీ’.

రెండో వాక్యంలో ‘తీసుకునేవాణ్ణి’ ఉంది, నేను అతని స్థానంలో లేను, సంగతి ఇప్పటిది. ‘ఇఫ్ ఐ వర్ ఇన్ యువర్ ప్లేస్, ఐ వుడ్ టేక్ ది ఆఫర్’.

మూడోదాంట్లో ‘బాగుండేది’. కర్త ‘శాలరీ’, ఏకవచనం, అయినా ‘ఐ విష్ ది శాలరీ వర్ ఎ లిటిల్ హయ్యర్’. చాలామంది చెయ్యి ఆగేది ఇక్కడే, ‘ఐ’ ఉంటే గుర్తొచ్చే ‘వర్’ మామూలు నామం వచ్చేసరికి గుర్తు రాదు.

నాలుగోది నిజంగా జరగగలిగే షరతు, కనుక ‘ఇఫ్ దే ఇన్సిస్ట్’. లోపల ‘చేరాలని’ ఉంది కాబట్టి ముడిరూపం: ‘ఇఫ్ దే ఇన్సిస్ట్ దట్ ఎవ్రీవన్ జాయిన్ దిస్ మంత్, కాల్ మి’. ‘జాయిన్స్’ అనలేదు చూడండి.

చివరిది ‘తీస్తాను’తో ముగిసింది. ఖాళీగా ఉంటానో లేదో ఆ పూట వస్తే గానీ తెలియదు. అందుకని ‘వర్’ కాదు, ‘వాజ్’ కూడా కాదు: ‘ఇఫ్ ఐయామ్ ఫ్రీ, ఐ విల్ పిక్ అప్’. ఇక్కడ ‘ఇఫ్ ఐ వర్ ఫ్రీ, ఐ వుడ్ పిక్ అప్’ అని రాశామంటే ఆ స్నేహితుడు ఫోన్ చేయడం మానేస్తాడు.